క్లబ్బు లెక్కల గొడవ: లైఫ్ మెంబర్‌షిప్పు, ప్రవేశ రుసుము ఆదాయంలో వెయ్యాలా?

కొత్త ట్రెజరర్
మా ఊళ్ళో చిన్న షటిల్ క్లబ్బు ఉంది. చందా కట్టేవాళ్ళు 60 మంది, నెలకి 250. ఏప్రిల్లో నన్ను ట్రెజరర్ని చేశారు. పాతాయన 2024-25కి వసూళ్లు-చెల్లింపుల ఖాతా రాసిచ్చి చేతులు దులుపుకున్నారు. జనరల్ బాడీకి ఆదాయ-వ్యయాల ఖాతా పెట్టాలి. సెక్రటరీ గారేమో "లక్షకు పైగా మిగిలింది, చందా 200కి తగ్గించేద్దాం" అంటున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు.

వచ్చినవి: మొదట్లో నగదు, బ్యాంకు కలిపి 42,000. చందాలు 1,86,000. ప్రవేశ రుసుము 40,000 (కొత్తగా 8 మంది, తలా 5,000). లైఫ్ మెంబర్‌షిప్పు 1,00,000 (5 మంది, తలా 20,000). గెస్టుల ఆట రుసుము 24,000. టోర్నమెంటు విరాళాలు 60,000.

పోయినవి: బాయ్ జీతం 88,000. కరెంటు 54,000. కాక్స్ 72,000. టోర్నమెంటు ఖర్చు 45,000. కొత్త మ్యాట్ 1,20,000. రిపేర్లు 18,000. చివర్లో ఉన్నది 55,000.

ప్రవేశ రుసుము, లైఫ్ మెంబర్‌షిప్పు ఆదాయంలో వెయ్యాలా, వద్దా?

కాక్‌స్మాష్
ఇందులో ఆలోచించడానికి ఏముందన్నా! 4,10,000 వచ్చింది, 3,97,000 పోయింది, 13,000 మిగిలింది. పాతాయన చేసిన లెక్క బాగానే ఉంది, పైన పేరు మార్చి అంటించెయ్.

పద్దుల పంతులు
నాయనా కాక్‌స్మాష్, ఆ 13,000 గల్లాపెట్టె పెరిగిన సంగతి. క్లబ్బు ఆ ఏడాది ఎలా బతికిందో అందులో తెలియదు. మ్యాట్ వచ్చే ఏడాది కొని ఉంటే నీ లెక్కలో 1,33,000 మిగిలేది. అంతమాత్రాన క్లబ్బు బాగుపడినట్టా?

ట్రెజరర్ గారూ, మీరడిగింది రెండో మెట్టు. మొదటిది ఎక్కకుండా దాని మీద వాదన అనవసరం. చందాల్లో పాత బాకీ ఎంత, ముందస్తు ఎంత? మార్చి నెల జీతం, కరెంటు బిల్లు కట్టేశారా? కాక్స్ నిల్వ మొదట్లో ఎంత, చివర్లో ఎంత? మ్యాట్ ఎప్పుడు వేశారు, ఎన్నేళ్ళు వస్తుందన్నారు? ఇవేవీ నగదు పుస్తకంలో దొరకవు. రసీదు పుస్తకం, బీరువా, బాయ్ నోటు, ఈ మూడూ చూసి చెప్పండి.

కొత్త ట్రెజరర్
రాత్రి కూర్చుని చూశానండి. చందాల్లో 9,000 అంతకుముందు ఏడాది బాకీ, అది మొత్తం వసూలైపోయింది. 6,000 ఇద్దరు 2025-26కి ముందే కట్టారు. క్రితం ఏడాది అలా ముందుగా ఎవరూ కట్టలేదు. కొత్తవాళ్ళు 8 మందీ ఏప్రిల్లోనే చేరారు, 60లో వాళ్ళూ ఉన్నారు. బాయ్‌కి నెలకి 8,000, మార్చి జీతం ఏప్రిల్లో ఇచ్చాం. మార్చి కరెంటు బిల్లు 6,000, అదీ ఏప్రిల్లోనే కట్టాం. అంతకుముందు మార్చివి మాత్రం ఆ మార్చిలోనే కట్టేశారు. బీరువాలో కాక్స్ డబ్బాలు 14 ఉన్నాయి, ఒక్కోటి వెయ్యి లెక్క. ఏడాది మొదట్లో 6 ఉన్నట్టు స్టాకు పుస్తకంలో ఉంది. మ్యాట్ అక్టోబరు 1న వేశారు, ఐదేళ్ళు వస్తుందన్నాడు షాపువాడు.

పద్దుల పంతులు
ఇప్పుడు లెక్క కదులుతుంది. చందా ముందు చూడండి. వచ్చిన 1,86,000లో పాతది 9,000, ముందుది 6,000 తీసేస్తే ఈ ఏడాదిది 1,71,000. కానీ 60 మంది ఏడాదికి 3,000 చొప్పున కట్టాల్సింది 1,80,000. అంటే ముగ్గురి బాకీ 9,000 నిలిచి ఉంది. ఆదాయంలో రాయాల్సింది 1,80,000. సభ్యుల సంఖ్యని చందాతో గుణిస్తే రసీదుల మీద తేల్చిన లెక్కకి సరిపోవాలి. సరిపోకపోతే ఎవరో పేరు జారిపోయిందనో, రసీదు వేరే పద్దులో పడిందనో అర్థం. ఆ ముగ్గురూ ఇంకా ఆడుతున్నారా, ఊరొదిలి వెళ్ళిపోయారా అన్నదీ కనుక్కోండి. రాని బాకీని ఆస్తిగా చూపిస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

జీతం పన్నెండు నెలలకి 96,000. కరెంటు 60,000. కాక్స్ కొన్నది 72,000 అయినా ఆడి చింపింది 64,000. రిపేర్లు 18,000. మ్యాట్‌కి ఐదేళ్ళంటే ఏడాదికి 24,000, ఆరు నెలలకి 12,000 తరుగుదల. మొత్తం ఖర్చు 2,50,000. టోర్నమెంటు పద్దు ఇందులోకి రానే రాదు. ఆ పని కోసమే ఇచ్చిన డబ్బు, ఆ ఖర్చు అందులోంచే తీస్తాం, మిగిలిన 15,000 ఆ నిధి పేరు మీదే నిలబడుతుంది.

ఆదాయం వైపు చందాలు 1,80,000, గెస్టుల డబ్బు 24,000. ఇక మీరడిగిన రెండూ. అవి రెండూ వేస్తే 94,000 మిగులు. టోర్నమెంటు మిగులు కూడా కలిపేశారేమో, అందుకే మీ సెక్రటరీ గారికి 1,09,000 కనిపించింది. ప్రవేశ రుసుము ఒక్కటే వేస్తే 6,000 లోటు. రెండూ వెయ్యకపోతే 46,000 లోటు.

నేనైతే లైఫ్ మెంబర్‌షిప్పు వెయ్యను. ప్రవేశ రుసుము వేస్తాను.

ఇంటర్ మాస్టారు
నేను సీఈసీ పిల్లలకి ఇదే చెబుతాను. లెక్కలో ఏమీ చెప్పకపోతే ప్రవేశ రుసుము ఆదాయం, జీవిత సభ్యత్వ రుసుము మూలధన నిధి. పరీక్షలో దిద్దేవాళ్ళూ అలాగే దిద్దుతారు. ఇంకేం చర్చ?

లెక్కల కోడలు
మాస్టారూ, "ఏమీ చెప్పకపోతే" అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. పరీక్ష పేపరు ఏమీ చెప్పదు, క్లబ్బు మాత్రం చెబుతుంది. నేను ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను, ఇలాంటి క్లబ్బుల ఫైళ్ళు ఏటా నా టేబులు మీదకే వస్తాయి. ప్రవేశ రుసుము చేరేవాడికి ఒక్కసారే అయినా క్లబ్బుకి ఏటా వస్తుంటే ఆదాయమే. కానీ ఈ ఏడాది వచ్చినట్టు ఏటా 8 మంది చేరతారా? ట్రెజరర్ గారూ, అంతకుముందు ఏళ్ళల్లో ఎంతమంది చేరారు?

లైఫ్ మెంబర్‌షిప్పు దగ్గర మాత్రం పంతులు గారితో నాకు పేచీ ఉంది. ఆ ఐదుగురూ పోయినేడు వరకు చందా కట్టినవాళ్ళేనా? అయితే ఇకనుంచి ఏటా 15,000 చందా తగ్గినట్టే. వాళ్ళు ఆడుతూనే ఉంటారు, కాక్స్ చింపుతూనే ఉంటారు. డబ్బు మొత్తం నిధిలో వేసి మర్చిపోతే వాళ్ళ ఖర్చు మిగతావాళ్ళ మీద పడుతుంది. 20,000 అంటే ఆరేడేళ్ళ చందా. నేనైతే ఆ లక్షని పదేళ్ళకి పంచి, ఏటా 10,000 ఆదాయంలోకి తెస్తాను. అప్పుడు పంతులు గారి 6,000 లోటు 4,000 మిగులవుతుంది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ
మా దగ్గర హైదరాబాదులో ఫ్లాట్ కొన్నోళ్ళ దగ్గర కార్పస్ ఫండ్ తీసుకుంటం. దాన్ని ముట్టుకోం, ఎఫ్‌డీ చేసి పెట్టేస్తం. మీరూ ఆ లక్ష ఎఫ్‌డీ చెయ్యండి, గొడవ ఉండదు.

పద్దుల పంతులు
అయ్యా, ఆయన దగ్గర ఎఫ్‌డీ చెయ్యడానికి లక్ష ఎక్కడుంది? 55,000 ఉన్నాయి, అందులో 15,000 టోర్నమెంటువి. లక్ష మ్యాట్ అయిపోయి నేల మీద పరుచుకుని ఉంది. నిధి అనేది క్లబ్బు ఎవరికి ఎంత జవాబుదారో చెప్పే పేరు, డబ్బు ఎక్కడుందో చెప్పే పేరు కాదు. మీది అపార్ట్‌మెంట్ తీర్మానం ప్రకారం ముట్టుకోని డబ్బు, దాని సంగతి వేరు. ఎఫ్‌డీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. సభ్యుల చందాకి ఆదాయపు పన్ను లేదని ధీమాగా ఉండే క్లబ్బులు బ్యాంకు వడ్డీ దగ్గర చిక్కుకుంటాయి. బెంగళూరు క్లబ్బు కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆ వడ్డీకి పన్ను పడుతుందనే చెప్పింది.

కోడలమ్మా, నీ వాదన కొట్టెయ్యలేను. కానీ పదేళ్ళు అని ఎలా చెప్పావు? ముప్పై ఏళ్ళవాడు ముప్పై ఏళ్ళు ఆడతాడు, అరవై ఏళ్ళవాడు మోకాళ్ళ నొప్పొచ్చి రెండేళ్ళకి మానేస్తాడు. ఒక కమిటీ పదేళ్ళంటుంది, మిగులు కావాల్సిన కమిటీ ఐదేళ్ళంటుంది. చిన్న క్లబ్బులో ఆ మీట ఎవరి చేతికీ ఇవ్వకపోవడమే నయం.

లెక్కల కోడలు
మ్యాట్ ఐదేళ్ళు వస్తుందని షాపువాడి మాట నమ్మి మీరు తరుగుదల వేశారు కదండీ! అదీ అంచనాయే. ఒకసారి జనరల్ బాడీలో తీర్మానం చేసి, మార్చకుండా ఏటా అదే పాటిస్తే చాలు.

కొత్త ట్రెజరర్
ఆ ఐదుగురూ చందా కట్టినవాళ్ళేనండి, 60లో ఇప్పుడు లేరు. ప్రవేశాలు 2022-23లో ఇద్దరు, తర్వాతి ఏడు ముగ్గురు. ఈసారి మ్యాట్ వస్తోందని తెలిసి ఎనిమిది మంది చేరారు.

ఇంకోటి. బీరువాలో పాత బైలా కాగితం దొరికింది. "ప్రవేశ రుసుమును కోర్టు అభివృద్ధికి మాత్రమే వినియోగించవలెను" అని ఉంది. అయితే అదీ నిధికేనా? అప్పుడు 46,000 లోటు చూపించాలి. సెక్రటరీ గారు నన్ను బతకనివ్వరు.

పద్దుల పంతులు
బైలా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అభివృద్ధి నిధికే.

ఇంటర్ మాస్టారు
18,000 రిపేర్లు కోర్టువే అయితే అవి అభివృద్ధి కాదా? ఆ మేరకు నిధిలోంచి తీస్తే లోటు 28,000కి దిగుతుంది.

లెక్కల కోడలు
పగిలిన లైటు మార్చడం అభివృద్ధి ఎలా అవుతుంది మాస్టారూ? బిల్లులు చూడందే చెప్పలేం.

పద్దుల పంతులు
బిల్లులు చూసి ట్రెజరర్ గారే తేల్చాలి. ఏ దారిలో వెళ్ళినా ఒక పరీక్ష మాత్రం తప్పించుకోకండి. మొదట్లో నగదు 42,000, చందా బాకీ 9,000, కాక్స్ 6,000 కలిపి 57,000. పాత స్తంభాలు, లైట్లు రెండు వైపులా వదిలేశాను. చివర్లో నగదు 55,000, బాకీ 9,000, కాక్స్ 14,000, మ్యాట్ 1,08,000 కలిపి 1,86,000. అందులోంచి ఇవ్వాల్సిన జీతం, కరెంటు, ముందస్తు చందా, టోర్నమెంటు నిధి కలిపి 35,000 తీస్తే 1,51,000. మొదటి 57,000కి లైఫ్ మెంబర్‌షిప్పు లక్ష, ప్రవేశ రుసుము 40,000 చేర్చి, 46,000 లోటు తీసెయ్యండి. అదే 1,51,000 వస్తుంది. రాలేదంటే ఏదో ఒక పద్దు రెండుసార్లు పడింది, లేదా అసలు పడలేదు.

చందా 50 తగ్గిస్తే 60 మంది మీద ఏడాదికి 36,000 పోతుంది. అది కూడా ఆ కాగితం కిందే రాసి పెట్టండి.

కొత్త ట్రెజరర్
సరిపోయిందండి, 1,51,000. రిపేర్ల బిల్లుల్లో 11,000 నెట్ స్తంభాలు కొత్తవి వేయించినవి. వాటి మీద ఇంకా తేల్చుకోలేదు. లైఫ్ మెంబర్‌షిప్పు మీద కోడలు గారి పద్ధతి, పంతులు గారి పద్ధతి రెండూ జనరల్ బాడీ ముందు పెడతాను.

కాక్‌స్మాష్
అన్నా, ఆ 9,000 బాకీ ముగ్గురూ ఊళ్ళోనే ఉన్నారా? పంతులు గారు అడిగింది నువ్వు చెప్పనేలేదు.

కొత్త ట్రెజరర్
ఊళ్ళోనే ఉన్నారు తమ్ముడూ. ఇద్దరు రోజూ పొద్దున్నే ఆడుతున్నారు. మూడో పేరు సెక్రటరీ గారిది.