అప్‌డేట్: నాన్న లిపిడ్ రిపోర్ట్ లెక్క తేలింది

నా ప్రశ్న: "మెల్‌బోర్న్‌లో అక్క చేయించిన రిపోర్ట్‌లో నాన్న ట్రైగ్లిజరైడ్స్ 2.1 mmol/L. 38.67తో గుణిస్తే 81 వచ్చింది. ఇక్కడ వైజాగ్‌లో చేయిస్తే 190 mg/dL. ల్యాబ్ తప్పా?"

ల్యాబ్‌ది కాదండీ, తప్పు నాదే. 38.67 కొలెస్ట్రాల్‌కే: టోటల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్స్ అణువు బరువు వేరు కాబట్టి 88.57తో గుణించాలి. 2.1 × 88.57 = 186. అంటే రెండు రిపోర్టులూ దాదాపు ఒకటే! 150 దాటిన దాన్ని 81 అనుకుని, పండక్కి నాన్నకి అరిసెలు కూడా పెట్టేశాం.

ఎల్‌డీఎల్ 3.4ని 38.67తో గుణిస్తే 131, అది సరిగ్గానే వేశాను. mmol/L కావాలంటే అదే సంఖ్యతో భాగించాలి. ఎంవీపీ కాలనీలో డాక్టర్‌గారికి మాత్రం రెండు అసలు రిపోర్టులే చూపించాం, నా లెక్కల కాగితం కాదు.