మాంచెస్టర్ సంఘం భోజనాలు: అతిథుల కార్డులో ఏం రాద్దాం?

కిరణ్: వచ్చే నెల భోజనాలకు తెలుగువాళ్ళు కాని అతిథులు 40 మంది అని తేలింది. ఒక్కొక్కరి కంచం పక్కన చిన్న కార్డు పెడదాం. నేను రాసింది ఇది: స్టార్టర్‌గా చారు. మెయిన్ కోర్సుగా అన్నం, పప్పు, వేపుడు, సాంబారు. డెజర్ట్‌గా పరమాన్నం, పెరుగన్నం. రాజేశ్వరి ఆంటీ హైదరాబాద్‌లో మెస్ నడుపుతున్నారు కాబట్టి ఆవిడను కూడా ఈ గ్రూపులోకి పిలిచాను. ఆంటీ, ఒకసారి చూడండి.

ఫణి: హైదరాబాద్ భోజనం అని పిలిచి బిర్యానీ లేకపోతే ఎలా అన్నా? మా ఆఫీసువాళ్ళు మొదట అడిగేది అదే.

కిరణ్: ఫణీ, హాల్లో శాకాహారమే వండాలన్న షరతు ఉంది. మెనూ అయిపోయింది, ఇప్పుడు కార్డు సంగతి.

రాజేశ్వరి: కిరణ్ బాబూ, చారు ముందు కప్పులో ఇస్తే ఇష్టంగానే తాగుతారు. కానీ తర్వాత అన్నంలోకి మళ్ళీ చారు తెస్తే, ఇది అయిపోయింది కదా అంటారు. పెరుగన్నాన్ని స్వీటు పక్కన రాస్తే తియ్యగా ఉంటుందనుకుంటారు. అసలు కార్డులో ముందు చెప్పాల్సింది ఒకటుంది, అది లేదు. అన్నం ఒక్కసారి రాదు, నాలుగుసార్లు వస్తుంది.

మా అమీర్‌పేట మెస్‌కి కంపెనీవాళ్ళు విదేశీయులను తీసుకొస్తుంటారు. వాళ్ళు మొదటి అన్నం మీదే పప్పు, సాంబారు, కూర, పచ్చడి అన్నీ ఒకేసారి వేసుకుంటారు. కారం ఎక్కడిదో తెలియదు, పది నిమిషాల్లో కడుపు నిండిపోతుంది, చారు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. పెరుగు గిన్నె ముట్టకుండా మిగిలిందంటే వరస తెలియక ముందే నిండిపోయిందని నాకు అర్థమవుతుంది.

అందుకని మొదట చిన్న గరిటెడు అన్నమే వడ్డించండి. అందులో పప్పు, నెయ్యి. వేపుడు విడిగా నంజుకోవడానికి. ఆవకాయ అర చెంచాకి మించి వేయకండి, లేకపోతే సలాడ్ అనుకుని నోట్లో పెట్టుకుంటారు. అది తిన్నాక మళ్ళీ కొంచెం అన్నం, సాంబారు, పక్కన అప్పడం. మూడోసారి చారు, చివర పెరుగు. పెరుగుతో కారం తగ్గుతుంది, ఆ మాట వాళ్ళకు చెప్పండి.

కిరణ్: మరి బియ్యం ఎంత పెట్టమంటారు ఆంటీ? మనవాళ్ళకైతే 40 మందికి 5 కిలోలు వేస్తున్నాం.

రాజేశ్వరి: అతిథులకు 3 కిలోలు చాలు. ఉడికితే 8 కిలోల దాకా అవుతుంది, అంటే మనిషికి 200 గ్రాములు, ఒక్కో విడతకు 50 గ్రాములు. ఇంకో కిలో కడిగి సిద్ధంగా పెట్టుకోండి, అడిగినప్పుడు వండొచ్చు. ఇంకో మాట. కార్డులో 'అన్‌లిమిటెడ్' అని రాయొద్దు. కంచంలో పడిందంతా తినకపోతే మర్యాద కాదనుకుని కష్టపడి తింటారు. 'కావాలంటే మళ్ళీ వడ్డిస్తాం, చాలనుకుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టండి' అని రాయండి. మీ వాలంటీర్లకు కూడా చెప్పండి, చెయ్యి కనిపిస్తే గరిటె ఆపాలి. మనవాళ్ళకు ఆ అలవాటు లేదు!

సునీత: అలర్జీల లైన్ నేను రాశాను: పాలు, జీడిపప్పు, వేరుశనగ. గోధుమ ఏమీ లేదు కాబట్టి గ్లూటెన్ ఫ్రీ అని పెట్టేశాను.

లత: సునీతా, ఆ చివరిది తీసేయ్. ఇంగువ పొడిలో చాలా బ్రాండ్లు గోధుమ పిండి కలుపుతాయి, డబ్బా మీద చూడు. పైగా ఇక్కడ చట్టం చెప్పే 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు కూడా ఉన్నాయి. మన ప్రతి పోపులో, ఆవకాయలో అవే. నువ్వులు కూడా ఆ లిస్టులో ఉన్నాయి, పొడుల్లో వేస్తున్నామా? ఏ వంటకంలో ఏముందో విడివిడిగా రాయాలి.

సునీత: నువ్వుల సంగతి వంటవాళ్ళను అడగాలి. ఇంగువ డబ్బా రేపు చూస్తా అక్కా.

కిరణ్: సరే, ఇలా మారుస్తున్నా: 'అన్నం నాలుగు చిన్న విడతలుగా వస్తుంది. మొదట పప్పు, నెయ్యి. తర్వాత సాంబారు. తర్వాత పల్చని చారు. చివర పెరుగు. కూరలు, పచ్చడి కొంచెం కొంచెంగా నంజుకోండి. చేత్తో తినొచ్చు, స్పూన్ కూడా ఉంది.' పరమాన్నం ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

రాజేశ్వరి: మా ఇంట్లో మొదట వడ్డిస్తాం బాబూ.

ఫణి: మొదట పెడితే తినేసి, డెజర్ట్ ఏదీ అని అడుగుతారు ఆంటీ. చివరే నయం.

లత: మొదట ఒక చెంచా, చివర మళ్ళీ కొంచెం ఇస్తే? పాలెన్ని కావాలో మాత్రం ఎవరైనా లెక్క చెప్పండి, రేపటికల్లా ఆర్డర్ పెట్టాలి.