ఉత్తర ధ్రువం తీగచుట్ట వైపు వస్తోంది, కరెంటు ఎటు?

ఇంటర్_నాన్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ వర్క్‌షీట్ ఫోటో పెట్టాను. ఎడమవైపు దండాయస్కాంతం, దాని ఉత్తర ధ్రువం కుడివైపు తీగచుట్టకు ఎదురుగా ఉంది. అయస్కాంతాన్ని చుట్ట దగ్గరికి తోస్తున్నట్టు బాణం గీశారు. చుట్ట కొనలు రెండూ కిందికి దిగి గాల్వనోమీటర్‌కు కలిశాయి. ఎడమ కొన ఎ, కుడి కొన బి. గాల్వనోమీటర్ గుండా ప్రవాహం ఎటు అని ప్రశ్న. జవాబుల పట్టికలో ఎ నుంచి బి వైపు అని ఉంది. అమ్మాయి బి నుంచి ఎ వైపు అని రాసింది. ఎవరిది సరి?

లెంజ్_పక్షం: ఇందులో చర్చేముంది? ఉత్తర ధ్రువం దగ్గరికి వస్తే చుట్ట దాన్ని అడ్డుకోవాలి, కాబట్టి ఎదురు ముఖం కూడా ఉత్తర ధ్రువం అవుతుంది. ఉత్తర ధ్రువమంటే అపసవ్య దిశ. అంటే ఎ నుంచి బి వైపే. పట్టిక సరిగ్గానే ఉంది.

పాత_లెక్చరర్: మొదటి మూడు వాక్యాల దాకా మీతో ఉన్నాను. నాలుగోదానికి ఎలా దూకారో మాత్రం అర్థం కాలేదు. అపసవ్య దిశ అన్నది అయస్కాంతం ఉన్న చోట నిలబడి చుట్టను చూసేవారికి. కాగితం చూస్తున్న మనం చుట్టను పక్కనుంచి చూస్తున్నాం, మనకు ఆ ముఖం కనిపించదు. అయస్కాంతం వైపు నుంచి చూసేవారికి కుడిచేతి పక్కన ఉండేది మనవైపున్న తీగలే. అపసవ్య దిశలో తిరిగే ప్రవాహం కుడిపక్కన పైకి వెళుతుంది. కాబట్టి బొమ్మలో మనకు ఎదురుగా కనిపించే తీగల్లో ప్రవాహం కింది నుంచి పైకి. చుట్టను ఎలా చుట్టినా ఇంతవరకు మారదు.

మారేది ఆ తర్వాతే. ఎ నుంచి వచ్చే తీగ గొట్టానికి ముందునుంచి పైకి ఎక్కిందా, వెనక నుంచి ఎక్కిందా? ముందునుంచి ఎక్కితే, పైకి వెళ్లే ప్రవాహం ఎ తీగ గుండానే చుట్టలోకి వచ్చినట్టు. బయట గాల్వనోమీటర్‌లో అది బి నుంచి ఎ వైపు నడవాలి. వెనక నుంచి ఎక్కితే సరిగ్గా తిరగబడుతుంది. ఇది చూడకుండా జవాబు చెప్పేవారు ఊహిస్తున్నట్టే.

లెంజ్_పక్షం: కానీ మా నోట్సులో ఎప్పుడూ ఎ నుంచి బి వైపే వచ్చేది.

పాత_లెక్చరర్: మీ నోట్సులో ఎప్పుడూ ఒకే బొమ్మ ఉండి ఉంటుంది.

రాగితీగ: నేను ఇంట్లో చేసి చూశాను కాబట్టి చెబుతున్నా, ఈ సిద్ధాంతాలన్నీ కాగితం మీదే. ప్లాస్టిక్ గొట్టానికి ఎనామిల్ తీగ చుట్టి, గాల్వనోమీటర్‌కు కలిపి, అయస్కాంతాన్ని లోపలికి తోస్తే ముల్లు మీరు చెప్పినదానికి వ్యతిరేకంగా కదిలింది. నెమ్మదిగా తోస్తే అసలు కదలదు.

పాత_లెక్చరర్: నెమ్మదిగా తోస్తే కదలకపోవడం సిద్ధాంతంలో ఉన్నదే. ముల్లును కదిలించేది అభివాహం మారే వేగం. వ్యతిరేకంగా కదిలిందంటే మాత్రం రెండు చూడండి. ఒకటి, మీ గాల్వనోమీటర్‌కు ఒక పొడి బ్యాటరీని పెద్ద నిరోధంతో కలిపి, ధన అగ్రం ఏ టెర్మినల్‌కు తగిలిస్తే ముల్లు ఎటు పోతుందో ముందే తెలుసుకోండి. నిరోధం లేకుండా తగిలించారో, ముల్లు వంగిపోతుంది. రెండు, అయస్కాంతం మీద రంగును నమ్మకండి, దిక్సూచి దగ్గర పెట్టండి. దిక్సూచిలో ఉత్తరం చూపే కొనను ఆకర్షించేది దక్షిణ ధ్రువం.

రాగితీగ: రంగు తప్పుగా వేస్తారా?

పాత_లెక్చరర్: చవక రకాల్లో వేస్తారు.

వరంగల్_పద్మ: నేను ట్యూషన్ చెబుతాను. ఇదే పేజీలో రెండో భాగం ఎవరూ చూడలేదు. చుట్టలో ప్రేరితమైన క్షేత్రానికి బలరేఖలు గీయమన్నారు. అమ్మాయి ఎడమ ముఖాన్ని ఉత్తర ధ్రువంగానే గుర్తించింది, కానీ గొట్టం లోపల బాణాలు ఎడమ నుంచి కుడికి పెట్టింది. నా దగ్గర సగం మంది పిల్లలు చేసే పనే ఇది. ఉత్తరం నుంచి దక్షిణానికి అన్న మాట బయటి రేఖలకే. లోపల అవి దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లి, రేఖ మూసుకుపోతుంది. ఇక్కడ లోపలి బాణం ఎడమవైపు చూడాలి. అయస్కాంతం క్షేత్రం కుడివైపు దూసుకొస్తుంటే, అదీ కుడికే చూస్తే అడ్డుకున్నట్టా, తోడు పోయినట్టా?

ఇంటర్_నాన్న: ఆ బాణాలు తప్పే, ఒప్పుకుంది. కానీ మొదటి జవాబుకు ఆ బాణాలు వాడలేదట. ముందు తీగల్లో ప్రవాహం పైకి అని నేరుగా చూసుకుందట.

పాత_లెక్చరర్: మంచిదే. ఆ బాణాన్ని నమ్మి కుడిచేతి బొటనవేలిని కుడివైపు పెట్టి ఉంటే వేళ్లు ముందు తీగల్లో కిందికి తిరిగేవి, ఆమె జవాబు పట్టికతో కలిసిపోయేది. ఇప్పుడు ఫోటోను పెద్దది చేసి, గొట్టం ముందు కనిపించే తీగలు ఎటు వాలాయో చెప్పండి. జిరాక్స్‌లో కొనల దగ్గర గీతలు కలిసిపోయినా వాలు మిగులుతుంది. అడుగున ఎడమకు, పైన కుడికి వాలితే ఎ తీగ ముందునుంచి ఎక్కినట్టు. అటుదిటు వాలితే వెనక నుంచి.

గోదారిగట్టు: ముందు తీగలూ వెనక తీగలూ రెండూ నిండు గీతలతో, జిగ్‌జాగ్‌లా గీస్తే ఏం చేయాలి? మా వాడి పుస్తకంలో అలాగే ఉంది.

వరంగల్_పద్మ: అలాంటి బొమ్మ మీద దిశ అడగకూడదు. వెనక తీగ గొట్టం చాటుకు పోయే చోట గీత ఆగిపోవాలి. ఆగని బొమ్మ నుంచి మీరు ఏ జవాబు కావాలంటే ఆ జవాబు తీయవచ్చు.

ఇంటర్_నాన్న: పెద్దది చేశాం. ముందు తీగలన్నీ అడుగున ఎడమకు, పైన కుడికి వాలాయి. ఎ తీగ గొట్టానికి ముందే ఎక్కింది, స్పష్టంగా ఉంది. ఒక్క చిక్కు: బి తీగ కూడా ముందునుంచే దిగుతోంది.

పాత_లెక్చరర్: అలా ఉండడానికి వీల్లేదు. ఎ దగ్గర ముందునుంచి ఎక్కిన తీగ ప్రతి చుట్టులోనూ ముందు ఎక్కి, వెనక దిగుతుంది. చివరి చుట్టు కూడా వెనకే దిగాలి, కాబట్టి కిందికి వచ్చే బి తీగ వెనక నుంచే రావాలి. చివరి ముందు తీగ అడుగు కొసకు వెనక చుట్టు అప్పటికే కలిసి ఉంది. అక్కడ బి తీగ తగిలితే మూడు తీగలు ఒకచోట కలిసినట్టు! బొమ్మ గీసినవారు కొనలు అందంగా కనిపించాలని రెండూ ముందుకు లాగేశారు.

పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. కుడి కొనను మాత్రమే చూస్తే ప్రవాహం బి తీగలోంచి పైకి ఎక్కుతుంది, జవాబు ఎ నుంచి బి వైపు అవుతుంది. ఎడమ కొనను చూస్తే మీ అమ్మాయి జవాబు.

లెంజ్_పక్షం: అయితే పట్టిక కూడా తప్పు కాదన్నమాట.

పాత_లెక్చరర్: వాలు అన్ని చుట్లలోనూ ఒకే మాట చెబుతోంది, ఒక్క బి కొన వేరే చెబుతోంది. నేనైతే వాలు పక్షం, అంటే అమ్మాయి పక్షం.

వరంగల్_పద్మ: నేను ఒప్పుకోను మాస్టారూ. పరీక్షలో పిల్లలు చుట్ల వాలు లెక్కపెట్టరు, కొన చూస్తారు. అసాధ్యమైన బొమ్మకు ఒక జవాబే సరి అనడం న్యాయం కాదు. ఎడమ ముఖం ఉత్తర ధ్రువం, ముందు తీగల్లో ప్రవాహం పైకి అన్న రెండు మెట్లు చూపినవారికి, చివర ఏది రాసినా మార్కు ఇవ్వాలి.

గోదారిగట్టు: మరి ఆబ్జెక్టివ్ పేపరైతే? మెట్లు ఎవరు చూస్తారు?

వరంగల్_పద్మ: అప్పుడు ప్రశ్న తీసేయాలి.

పాత_లెక్చరర్: తీసేస్తే సరిగ్గా చూసిన పిల్లకు నష్టం కదమ్మా.

ఇంటర్_నాన్న: రేపు ఆ సార్‌కు ఫోటో చూపిస్తాను. బి తీగ సంగతి ముందు చెప్పమంటారా, వాలు సంగతా?

పాత_లెక్చరర్: బి తీగ. బొమ్మలో తప్పుందని ఆయన ఒప్పుకుంటే మిగతాది తేలిక.