గీజర్ల క్విజ్: బ్రోషర్ అడగాలా, బేరం అడగాలా?

ప్రశ్న: గీజర్లు అమ్మే కొత్త స్టాఫ్‌కి ట్రైనింగ్ అయ్యాక 20 ప్రశ్నల క్విజ్ పెడుతున్నాం. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, వారంటీ ఎన్నేళ్లు, ఇవే. అందరికీ 18 పైనే వస్తున్నాయి, కస్టమర్ ఎదురొస్తే నోరు పెగలదు. కస్టమర్ సందర్భాలతో మార్చాలా?

ఫ్లోర్ మేనేజర్: బ్రోషర్ ప్రశ్నలన్నీ తీసిపారేయండి. అంకెలు డబ్బా మీదే ఉంటాయిగా. "ఇద్దరున్న ఇంటికి ఏ గీజర్ ఇస్తావు?" అని అడిగితే చాలు.

పాత ట్రైనర్: ఆ ప్రశ్నకి జవాబే లేదండీ. కస్టమర్ మాటని మాటగానే పెట్టాలి. నేను ఇచ్చేది ఇది: "ఇద్దరమే ఉంటాం, షవర్ కిందే స్నానం. 3 లీటర్ల ఇన్‌స్టంట్ చాలు కదా?" జవాబులు మూడు. అ) చాలు, బిల్లు వేస్తా. ఆ) 25 లీటర్లది చూపిస్తా. ఇ) షవర్ ధార ఎంత, చలికాలంలో నీళ్లెంత చల్లగా వస్తాయి అని అడుగుతా.

నాకు కావాల్సింది ఇ. 3 కిలోవాట్ల హీటర్, నిమిషానికి 6 లీటర్లు పారుతుంటే, నీటిని 7 డిగ్రీలే పెంచగలదు. లోపలున్న 3 లీటర్లు అయిపోగానే కస్టమర్ వణుకుతాడు. అదే సింకులో 2 లీటర్ల సన్న ధారైతే 21 డిగ్రీలు పెరుగుతుంది, హాయిగా సరిపోతుంది. 'అ' నేను ఊహించింది కాదు, వాపసు వచ్చిన గీజర్ల వెనక మావాళ్లు నిజంగా అన్న మాట.

ఒక జాగ్రత్త. ప్రతిసారీ "అడుగుతా" అన్నదే కరెక్టయితే మూడో ప్రశ్నకల్లా పట్టేస్తారు. కస్టమర్ అన్నీ చెప్పేసిన ప్రశ్నలూ కలపండి. అక్కడ ఇంకా అడగడమే తప్పు. క్విజ్ పెట్టేముందు బ్రోషర్ మాత్రమే చదివిన ఒకరికి ఇచ్చి చూడండి. వాళ్లకీ అన్నీ కరెక్టయితే జవాబు ఎక్కడో బయటపడుతోందన్నమాట. చాలాసార్లు అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదే జవాబై ఉంటుంది.

సేల్స్‌లో ఆరేళ్లు: మా పాత షాపులో క్విజ్ మార్కులకి ఇన్సెంటివ్ ముడిపెట్టారు. రెండో రోజే జవాబులు వాట్సాప్‌లో తిరిగాయి. నన్నడిగితే క్విజ్‌లే వద్దు, టెన్షన్ తప్ప ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు: క్విజ్ తీసేసే వీలు లేదండీ. నా సందేహం వేరు. 3 కిలోవాట్లని తెలియకపోతే ఆ 7 డిగ్రీలు ఎలా తేలుతుంది?

పాత ట్రైనర్: బ్రోషర్ చేతికిచ్చే రాయించండి. ఎక్కడ వెతకాలో తెలిస్తే చాలు. కంఠతా రావాల్సినవి కొన్నే. "సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయి, బిరడా కొట్టెయ్యనా?" అని కస్టమర్ ఫోన్ చేస్తే, వద్దని వెంటనే అనాలి. అప్పుడు పేజీలు తిప్పితే ప్రమాదం.

ఫ్లోర్ మేనేజర్: సరే. మరి మీ ప్రశ్నలో 'ఆ' తప్పెలా అవుతుంది? మా సీనియర్లు ముందు పెద్దది చూపించి, మాటల్లోనే షవర్ సంగతి రాబడతారు.

పాత ట్రైనర్: మా దగ్గరా ఇద్దరు అదే పెట్టారు. సగం మార్కు ఇచ్చాను. ఎందుకలా చేస్తారో ఒక్క లైను రాయిస్తే తేలేది, కానీ 40 మందివి దిద్దేదెవరు?