సైగ భాషలోని తిట్టును మాటల్లో ఎంత ఘాటుగా చెప్పాలి?

సైగ భాష నుంచి మాటల్లోకి అనువదించే అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వగలరా? చెయ్యి ఆకారం చూసి తిట్టని తేల్చలేం. జపాన్ సైగ భాషలో నడివేలు నిలబెట్టి పైకి లేపితే 'అన్న' అని అర్థం. ఘాటు ఎక్కువగా ముఖంలో, కదలికలో ఉంటుంది. ఒకే తిట్టును చిన్నగా, నవ్వుమొహంతో చేస్తే స్నేహితుల మధ్య సరదా. కనుబొమలు ముడిచి విసురుగా చేస్తే బూతు. ఎదుటివాళ్లు చెబుతుండగా కావాలని కళ్లు మూసుకుంటే అంతకంటే పెద్ద అవమానం, వాళ్ల మాటను అక్కడే నొక్కేసినట్టే కదా.

నాకు చిక్కు ఇక్కడే. గొడవలో ఒకరు మెత్తగా తిట్టి, జవాబు మొదలవగానే కళ్లు మూసుకున్నారనుకోండి. తిట్టుకే ఘాటు పెంచాలా, 'నీ మాట నాకక్కర్లేదు' అని విడిగా పలకాలా? ఏమీ అనకపోతే వినేవాళ్లకు ఆ అవమానం అందదు. కోర్టులో అయితే మీరేం చేస్తారు?