16 అంగుళాల చక్రాలు వేయించాక వెనక రాసుకుంటోంది: ఏం చేయాలి?

రాజోలు వాసి: నా కారుకు మొదట వచ్చినవి 165/80 ఆర్14 టైర్లు. పోయిన నెల వాటిని తీసేసి, 7 అంగుళాల వెడల్పు అల్లాయ్ చక్రాలతో 205/55 ఆర్16 వేయించాను. ఒక్కడినే వెళ్తే హాయిగా ఉంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని అంతర్వేది వెళ్తే మాత్రం, తూము మీద ఎక్కి దిగిన ప్రతిసారీ వెనక బర్రుమని చప్పుడు. స్పీడోమీటరు మీద కూడా అనుమానంగా ఉంది.

భీమవరం సత్యం: రిమ్ము పెద్దదైతే మీటరు ఎక్కువ చూపిస్తుందండి. టైరు ఎత్తు పెరిగింది కాబట్టి రాసుకుంటోంది. గట్టి స్ప్రింగులు వేయించండి.

గట్టుదారి: సత్యం గారూ, ఎత్తు పెరిగిన మాట నిజమే, మీటరు సంగతి మాత్రం తిరగబడింది. రిమ్ముతో దానికి పని లేదు, టైరు మొత్తం ఎత్తే లెక్క. పాతది దాదాపు 620 మిల్లీమీటర్లు, కొత్తది 632. అంటే 2 శాతం పెద్దది. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, కనుక మీటరు తక్కువ చూపిస్తుంది. చాలా కార్ల మీటర్లు మొదటి నుంచీ కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి, ఇప్పుడు అసలు వేగానికి దగ్గరై ఉండవచ్చు. జాతీయ రహదారి మీద నిలకడగా నడుపుతూ, పక్కన కూర్చున్నవారిని ఫోనులో జీపీఎస్ వేగం చూడమనండి.

రాసుకోవడానికి అసలు కారణం వేరే అనిపిస్తోంది. చక్రం లోపలి వైపు ఆఫ్‌సెట్ అంకె ఉంటుంది, అంటే చక్రాన్ని బిగించే ముఖం రిమ్ము మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో. అది తగ్గితే చక్రం అంత బయటికి వస్తుంది. పాతదీ కొత్తదీ ఎంతో చెప్పండి.

పాలకొల్లు లక్ష్మి: నాకూ చప్పుడు వచ్చేది. కాలువ గట్టు మీద గుంత అంచు తగిలి టైరు పక్కన బుడగ లేచింది. మీదీ అదేనేమో!

గట్టుదారి: లక్ష్మి గారూ, బుడగ లేస్తే లోపలి తాళ్లు తెగినట్టే. దానితో నడపకండి, టైరు మార్చాల్సిందే. రాజోలు వారిది బరువు పడినప్పుడే వస్తోంది, కనుక వేరు. కానీ ఆయన టైరు పక్క గోడ 132 నుంచి 113కి తగ్గింది. గుంత దెబ్బ మింగే రబ్బరు అంత తక్కువ. అందుకే కుదుపు కూడా పెరుగుతుంది.

రాజోలు వాసి: ఆఫ్‌సెట్ పాతది 45, కొత్తది 35. వెనక టైరు భుజానికి సుద్ద రాసి ముగ్గురితో తూము దాటాను. బయటి వైపు సుద్ద చెరిగి, ఫెండర్ లోపలి మడతకు అంటింది.

గట్టుదారి: అంతే! వెడల్పు 40 పెరిగింది, అందులో సగం 20 బయటికి. ఆఫ్‌సెట్ 10 తగ్గింది, అది కూడా బయటికే. మొత్తం 30 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. 45 ఆఫ్‌సెట్‌తో 6 అంగుళాల చక్రం, 195/55 ఆర్16 టైరు వేస్తే 15 మాత్రమే వస్తుంది, ఎత్తూ దాదాపు పాతంతే.

భీమవరం సత్యం: మళ్లీ అంత ఖర్చెందుకు? ఫెండర్ మడత లోపలికి వంచితే సరిపోదా?

గట్టుదారి: వంచితే అక్కడ రంగు పగులుతుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టుకుంటుంది. నేనైతే వంచను.

రాజోలు వాసి: మా మెకానిక్ వేడి చేసి వంచితే రంగు పగలదంటున్నాడు. ఎవరైనా చేయించి ఒక వర్షాకాలం గడిపినవారు ఉన్నారా?