అప్‌డేట్: అసైన్‌మెంట్ డ్రాఫ్ట్‌ను బ్రీఫ్‌తోనూ మార్కుల రూబ్రిక్‌తోనూ సరిచూశాను

నా ప్రశ్న: బ్రీఫ్‌లో అడిగినవన్నీ రాశాను, రూబ్రిక్‌తో మళ్లీ పోల్చాలా?

అప్‌డేట్: పోల్చాల్సిందే. ఇక్కడ జవాబుల్లో మీరు చెప్పినట్టు ఒక్కో పేరా పక్కన అది దేనికి జవాబో రాసుకున్నాను. బ్రీఫ్ "రెండు పద్ధతులను పోల్చండి" అని ఊరుకుంది. రూబ్రిక్‌లో విశ్లేషణకు 40 మార్కులు, వివరణకు 10. నా 2000 పదాల్లో 1100 వివరణకే పోయాయి! దాన్ని 400కి కుదించి, ఏ పద్ధతి ఎక్కడ పనికిరాదో ఆధారాలతో రాశాను. రూబ్రిక్‌లో అత్యున్నత గ్రేడ్ గడిలో "పరిమితులు" అనే మాట ఉంది, బ్రీఫ్‌లో లేదు.

తిరగేసి చూస్తే ఇంకో టెన్షన్. బ్రీఫ్ అడిగిన ముడి డేటా అనుబంధం రూబ్రిక్‌లో లేదు. మార్కులు లేవని వదిలేయబోయాను, కానీ అది సమర్పణ షరతు. చేర్చాను. దాని పదాలు లెక్కలోకి వస్తాయా అని లెక్చరర్‌ని అడిగితే రావన్నారు.